అమ్మోనియా లీక్ అయితే ముందు ఏది కట్టాలి, మనుషుల్ని ఎటు పంపాలి

ప్రశ్న: మాది కాకినాడ దగ్గర 30 టన్నుల ఐస్ ప్లాంట్. ఈ మధ్య మిషన్ రూమ్‌లో గ్యాస్ వాసన వస్తోంది. ఆపరేటర్ "ఐస్ ప్లాంట్ అన్నాక వాసన మామూలే" అంటున్నాడు. మిషన్ రూమ్ పైన గదుల్లో లేబర్ ఉంటారు. నిజంగా పెద్ద లీక్ అయితే ముందు ఏం కట్టాలి, వాళ్లని ఎటు పంపాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

జవాబు:

ముందు ఆ "మామూలే" అన్న మాట సంగతి చూద్దామండి. అమ్మోనియా వాసన మనిషికి చాలా తక్కువ మోతాదులోనే, అంటే గాలిలో 5 పీపీఎం ఉన్నా (పది లక్షల పాళ్ల గాలికి ఐదు పాళ్లు) తెలుస్తుంది. అంత చిన్న మోతాదుకే తెలియడం మన అదృష్టం. కానీ రోజూ ఆ రూమ్‌లోనే డ్యూటీ చేసేవాడి ముక్కు కొన్నాళ్లకు అలవాటు పడిపోతుంది. మీరు గుమ్మంలో అడుగుపెట్టగానే ముఖం తిప్పుకునేంత ఘాటు ఉన్నా అతనికి ఏమీ లేనట్టే ఉంటుంది. అతను అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే అతనికి తెలియడం లేదు. అందుకే వాసన ఉందో లేదో తేల్చే పని ఆ రూమ్‌లో ఉండే మనిషికి అప్పజెప్పకూడదు. బయటి నుంచి వచ్చినవాడు చెప్పాలి, లేదా మీటర్ చెప్పాలి.

ఇప్పుడు వస్తున్న వాసన ఎక్కడిదో ఈ వారంలోనే పట్టుకోండి. కంప్రెసర్ షాఫ్ట్ సీల్, వాల్వుల గ్లాండ్లు, ఫ్లాంజ్ ప్యాకింగులు, ఈ మూడు చోట్లే ఎక్కువగా దొరుకుతుంది. పాత పద్ధతి గంధకం వత్తి. వెలిగించి కీళ్ల దగ్గరికి తీసుకెళ్తే గ్యాస్ ఉన్నచోట దట్టమైన తెల్ల పొగ లేస్తుంది. బాగానే పనిచేస్తుంది కానీ అది మంట. రూమ్‌లో కళ్లు మండేంత గ్యాస్ ఉంటే దాని జోలికి పోవద్దు. నేను ఎర్ర లిట్మస్ కాగితమే వాడమంటాను. నీళ్లలో తడిపి గ్లాండ్ చుట్టూ నెమ్మదిగా తిప్పండి, లీక్ ఉన్నచోట నీలంగా మారిపోతుంది. మంట అక్కర్లేదు, ఖర్చూ లేదు.

కీళ్లన్నీ చూశాక కూడా దొరకలేదంటే బ్రైన్ ట్యాంక్‌ని అనుమానించండి. మీ ఐస్ ప్లాంట్‌లో అమ్మోనియా కాయిల్ ఉప్పునీళ్లలో మునిగి ఉంటుంది. ఆ పైపుకి సూది బెజ్జం పడినా బుడగలు కనపడవు, ఎందుకంటే అమ్మోనియా నీళ్లలో అంత తేలిగ్గా కలిసిపోతుంది. నెలల తరబడి బ్రైన్‌లోకి చేరుతూనే ఉంటుంది, మీరేమో గ్యాస్ తగ్గుతోందని సిలిండర్ తెప్పించి ఎక్కిస్తూనే ఉంటారు. గ్యాస్ ఎక్కించడం మామూలుకంటే ఎక్కువైందా అని మీ రిజిస్టర్ ఒకసారి తిరగేయండి, అన్నిటికంటే ముందు చెప్పేది అదే. పరీక్ష సులువు. ఒక సీసాలో బ్రైన్ తీసుకుని బయట ఆరుబయట వేడి చేసి, పైకి వచ్చే ఆవిరిలో తడి లిట్మస్ పెట్టండి. కాగితం బ్రైన్‌కి తగలకూడదు, ఆవిరి మాత్రమే తగలాలి. నీలంగా మారితే కాయిల్ పోయినట్టే. కండెన్సర్ నీళ్లకి కూడా ఇదే పరీక్ష చేయండి.

కాయిల్ లీక్‌ని "చిన్నదేలే, సీజన్ అయ్యాక చూద్దాం" అని వదిలేయకండి. 2017 అక్టోబర్ 17న కెనడాలోని ఫెర్నీ అనే ఊళ్లో ఐస్ స్కేటింగ్ స్టేడియంలో ముగ్గురు చనిపోయారు. అక్కడ జరిగింది సరిగ్గా ఇదే. చిల్లర్‌లో ఒక ట్యూబుకి చిన్న బెజ్జం పడి అమ్మోనియా బ్రైన్‌లోకి కలుస్తోందని అంతకుముందే తెలుసు. అయినా సీజన్ మొదలయ్యేసరికి ఆ చిల్లర్‌నే మళ్లీ నడిపారు. లీక్ అయిన రోజు సిస్టమ్ ఆపి వాల్వులు కట్టారు, కానీ అప్పటికే బ్రైన్ వైపు చేరిన అమ్మోనియాకి బయటికి దారిలేక ఒత్తిడి పెరిగి పైపు జాయింట్ ఊడిపోయింది. గ్యాస్ ఒక్కసారిగా మిషన్ రూమ్ నిండా కమ్ముకుంది. మీ ట్యాంక్ పైన తెరిచి ఉంటుంది కాబట్టి ఒత్తిడి అలా పెరగకపోవచ్చు. కానీ ఆ ట్యాంక్ మీద నిలబడి క్యాన్లు లాగేవాళ్లు రోజంతా ఆ గాలే పీలుస్తారు.

ఎంత గ్యాస్ అయితే ప్రమాదం అన్నది ఒక లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే ఓనర్లు చాలామంది "కొంచెం గ్యాసే కదా" అంటారు. మీ మిషన్ రూమ్ 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 4.5 మీటర్ల ఎత్తు అనుకోండి. అంటే 216 ఘనపు మీటర్ల గాలి. 300 పీపీఎం దాటితే మనిషి ప్రాణానికి తక్షణ ప్రమాదం అని లెక్క, సరైన ఎయిర్ సెట్ లేకుండా ఎవరూ అక్కడ ఉండకూడదు. ఆ రూమ్ అంతటా 300 పీపీఎం రావడానికి కావాల్సిన గ్యాస్ దాదాపు 65 లీటర్లు. బరువులో చూస్తే 45 గ్రాములు. లిక్విడ్ అమ్మోనియా నిల్వ ఉండే మీ రిసీవర్ ట్యాంక్‌లో ఉండేది వందల కిలోలు. ఎండాకాలంలో దాని ప్రెషర్ 180 నుంచి 200 పీఎస్ఐ ఉంటుంది. ఆ ఒత్తిడిలో లిక్విడ్ బయటికి దూకితే అందులో అయిదో వంతో నాలుగో వంతో అక్కడికక్కడే గ్యాస్ అయిపోతుంది, మిగతాది సున్నాకి 33 డిగ్రీలు దిగువన ఉండే చల్లటి తుంపరగా, మడుగుగా మారుతుంది.

ఇక్కడే ఒక పెద్ద అపోహ ఉంది. "అమ్మోనియా గాలికంటే తేలిక, పైకి పోతుంది, వంగి పోతే సరిపోతుంది" అని చాలామందికి నేర్పుతారు. గ్యాస్‌గా ఉన్నప్పుడు అది నిజమే. కానీ లిక్విడ్ లీక్ అయినప్పుడు వచ్చే తెల్లటి పొగమంచు చల్లగా, బరువుగా ఉండి నేలను అంటుకునే పాకుతుంది. మన కోస్తా గాలిలో తేమ కూడా ఎక్కువ కదా, ఆ తెల్లటి మబ్బు ఇంకా దట్టంగా కనిపిస్తుంది. అందులోకి వంగి దూరినవాడు నేరుగా దాని మధ్యలోకే వెళ్తాడు. అందుకే సెన్సర్ కూడా ఒకటి కంప్రెసర్ పైన సీలింగ్ దగ్గర, ఇంకొకటి రిసీవర్ దగ్గర కిందగా పెట్టించమంటాను. 25 పీపీఎం దగ్గర మొదటి అలారం, 150 దగ్గర పెద్ద అలారంతోపాటు ఎగ్జాస్ట్ ఫ్యాన్ దానంతటదే తిరిగేలా పెట్టడం వాడుకలో ఉన్న పద్ధతి. ఆ సెన్సర్ లోపలి సెల్‌కి ఆయుష్షు రెండు మూడేళ్లే. ఒకసారి గట్టిగా గ్యాస్ తగిలితే అంతకంటే ముందే పోతుంది. లైటు వెలుగుతోంది కాబట్టి పనిచేస్తోంది అనుకోవద్దు, అప్పుడప్పుడు టెస్ట్ గ్యాస్ పట్టి చూడాల్సిందే.

సరే, అసలు ప్రశ్నకి వస్తాను. పెద్ద లీక్ అయితే ముందు ఏ వాల్వ్ కట్టాలి అని అడిగారు. ముందు వాల్వ్ కట్టొద్దు. ముందు సిస్టమ్ ఆపండి, అదీ రూమ్ బయటి నుంచి.

ఇది నా సొంత అభిప్రాయం మాత్రమే కాదు. 2010 ఆగస్టు 23న అమెరికాలో అలబామా రాష్ట్రం థియోడోర్‌లో ఒక పెద్ద కోల్డ్ స్టోరేజీలో జరిగిన ప్రమాదం తర్వాత అక్కడి కెమికల్ సేఫ్టీ బోర్డు రాసిన పాఠాల్లో ఇది ఒకటి. అంతకు ముందురోజు ఏడు గంటలకు పైగా కరెంట్ పోయింది. మనకి బాగా తెలిసిన పరిస్థితే. తిరిగి స్టార్ట్ చేస్తుంటే వచ్చిన అలారాలు క్లియర్ చేయడానికి ఆపరేటర్ కంట్రోల్ సిస్టమ్‌ని రీసెట్ చేశాడు. ఆ సమయానికి ఒక బ్లాస్ట్ ఫ్రీజర్ కాయిల్ డీఫ్రాస్ట్‌లో ఉంది, అంటే దాని మీది మంచు కరిగించడానికి లోపల వేడి గ్యాస్ ఉంది. రీసెట్‌తో డీఫ్రాస్ట్ మధ్యలో తెగిపోయి ఆ కాయిల్ నేరుగా కూలింగ్‌లోకి మారింది. వేడి గ్యాస్, చల్లటి లిక్విడ్ ఒక్కసారిగా కలిసేసరికి పైపులో సమ్మెట దెబ్బలాంటి షాక్ పుట్టి, కప్పు మీదున్న 12 అంగుళాల సక్షన్ పైపు పగిలిపోయింది. 14 టన్నులకు పైగా అమ్మోనియా బయటికి పోయింది. పక్కనే నది అవతల, గాలి వీచే వైపు, సముద్రంలో చమురు కాలుష్యం శుభ్రం చేసే పనికి వచ్చిన కూలీలు 800 మందికి పైగా ఉన్నారు. 32 మంది ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది, నలుగురు ఐసీయూకి వెళ్లారు. లీక్ అయిన వెంటనే అక్కడివాళ్లు ఎమర్జెన్సీ స్టాప్ కొట్టలేదు. సిస్టమ్ నడుస్తుండగానే లీకైన భాగాన్ని వాల్వులతో వేరు చేద్దామని చూశారు. పంపులు, కంప్రెసర్లు తిరుగుతున్నంతసేపూ పగిలిన చోటికి కొత్త అమ్మోనియా చేరుతూనే ఉంటుంది. వెంటనే కట్టలేని లీక్ అయితే ముందు మొత్తం ఆపేయాలి అని ఆ బోర్డు తేల్చి చెప్పింది.

మీ స్థాయి ప్లాంట్‌లో దీన్ని అమలు చేయడం ఎలాగో చెప్తాను. మిషన్ రూమ్ తలుపు బయట ఒకటి, మెయిన్ గేట్ దగ్గర ఒకటి, ఎర్ర పుట్టగొడుగు బటన్లు పెట్టించండి. అది నొక్కితే కంప్రెసర్లు ఆగాలి, అమ్మోనియా పంపు ఉంటే అది ఆగాలి, బ్రైన్ ఎజిటేటర్ ఆగాలి, రిసీవర్ అవుట్‌లెట్ పక్కనే ఉన్న సోలనాయిడ్ వాల్వ్ మూసుకుపోవాలి. కరెంట్ పోతే దానంతటదే మూసుకునే రకం సోలనాయిడ్‌నే కొనండి, ఎందుకంటే లీక్ సమయంలో కరెంట్ ఉంటుందన్న నమ్మకం లేదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్, ఎమర్జెన్సీ లైట్లు మాత్రం ఈ బటన్‌తో ఆగకూడదు. వాటి లైన్ వేరు, స్విచ్ బయటే ఉండాలి, మోటార్ ఫ్లేమ్‌ప్రూఫ్ అయి ఉండాలి. అమ్మోనియా గాలిలో 15 నుంచి 28 శాతం మధ్య ఉంటే అంటుకుంటుంది. ఆరుబయట అంత రాదు కానీ మూసిన రూమ్‌లో రావచ్చు. పైన చెప్పిన రూమ్‌లో అందుకు 22, 23 కిలోల గ్యాస్ చాలు. కాబట్టి రూమ్ తెల్లగా నిండిపోయి ఉంటే లోపలి మామూలు స్విచ్‌లు ఏవీ వేయొద్దు, తీయొద్దు. బయట ట్రాన్స్‌ఫార్మర్ వైపు మెయిన్ తీయండి.

ఆపరేటర్లు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు. "రిసీవర్ నుంచి లిక్విడ్ బయటికి వచ్చే చోటున్న కింగ్ వాల్వ్ కట్టి కంప్రెసర్ నడిపితే లైన్లలో ఉన్న లిక్విడ్ అంతా రిసీవర్‌లోకి లాగేయొచ్చు కదా, పంప్ డౌన్ చేస్తే గ్యాస్ దక్కుతుంది కదా" అని. లీక్ కాయిల్ వైపు ఉండి, అది చిన్నదై, మిషన్ రూమ్‌లో గాలి శుభ్రంగా ఉంటే అది సరైన పనే. ఆ వైపు ప్రెషర్ 20 పీఎస్ఐ దగ్గర ఉంటుంది కాబట్టి టైమ్ కూడా దొరుకుతుంది. కానీ లీక్ కంప్రెసర్ డెలివరీ దగ్గరో, కండెన్సర్ దగ్గరో, రిసీవర్ దగ్గరో ఉంటే పంప్ డౌన్ చేయడమంటే లీకైన చోటికే గ్యాస్‌ని తోయడం. లీక్ ఎక్కడో తెలియనప్పుడు పంప్ డౌన్ ఆలోచనే పెట్టుకోవద్దు, ఆపి బయటికి రండి. గ్యాస్ పోతే మళ్లీ కొనుక్కోవచ్చు.

వాల్వులు కట్టేటప్పుడు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. టెన్షన్‌లో కనపడిన వాల్వ్ కల్లా కట్టేస్తుంటారు. లిక్విడ్ లైన్‌లో రెండు చివరలా కట్టేస్తే మధ్యలో ఇరుక్కున్న లిక్విడ్ వేడెక్కి వ్యాకోచించడానికి చోటు లేక పైపునే చీల్చేస్తుంది. అది రెండో లీక్ అవుతుంది. రిసీవర్ దగ్గర కింగ్ వాల్వ్ కట్టారంటే దాని అవతలి వాల్వ్ తెరిచే ఉంచాలి, లిక్విడ్ కాయిల్‌లోకి పోయి ఆవిరి కావాలి. ఏది కట్టాలో ఏది ముట్టకూడదో వాల్వులకి రంగు బిళ్లలు కట్టి పెట్టండి. మీకు వీలైతే కింగ్ వాల్వ్ స్పిండిల్‌కి రాడ్ పొడిగించి గోడ బయటికి హ్యాండిల్ తెప్పించండి, లోకల్ ఫాబ్రికేటర్ చేసిపెడతాడు.

ఇప్పుడు చిన్న ప్లాంట్లలో నేను అన్నిటికంటే భయపడే సందర్భం చెప్తాను. పైపు పగలడం అరుదు. ఎక్కువగా మనుషులు దెబ్బతినేది కంప్రెసర్ నుంచి గ్యాస్‌తో పాటు వచ్చి చేరిన ఆయిల్ తీసేటప్పుడు. ఫ్రియాన్‌లోలా ఇక్కడ ఆయిల్ కలవదు, లిక్విడ్ అమ్మోనియా కంటే బరువు కాబట్టి రిసీవర్ అడుగునా కాయిల్ అడుగునా పేరుకుంటుంది. దాన్ని అడుగు వాల్వ్ తెరిచి బకెట్‌లోకి తీస్తారు. నాకు తెలిసిన తీరప్రాంతపు ప్లాంట్ ఒకదాంట్లో జరిగింది ఇది. తెల్లవారుజామున ఆపరేటర్ రిసీవర్ కింద బకెట్ పెట్టి వాల్వ్ తెరిచాడు. ఆయిల్ రాలేదు, నోటి దగ్గర మడ్డి గట్టిపడింది. ఇంకో తిప్పు తిప్పాడు, అప్పటికీ రాలేదు. పూర్తిగా తెరిచి, తీగ ముక్కతో లోపల పొడిచాడు. మడ్డి ఊడింది. మొదట నల్లటి ఆయిల్ ఒక్క చిమ్ము చిమ్మి, వెంటనే బుస్సుమంటూ తెల్లగా మారిపోయింది. బకెట్ అంచు మీద మంచు పట్టేసింది. అతను వెనక్కి పడి గుడ్డిగా పాక్కుంటూ తలుపు దాకా రాగలిగాడు, చేతులకీ కళ్లకీ కాలిన గాయాలు. వాల్వ్ బార్లా తెరిచే ఉంది. హెల్పర్ కుర్రాడు కంప్రెసర్ ఆపుదామని లోపలికి పరుగెత్తబోయాడు, స్టార్టర్ ప్యానెల్ లోపలే ఉంది మరి. గేట్ దగ్గరున్న ఎలక్ట్రీషియన్ అతని చొక్కా పట్టుకుని ఆపి, బయటి మెయిన్ తీశాడు. ఆ కుర్రాడు బతికింది ఆ చొక్కా పట్టు వల్లే.

ఆ ఒక్క పనిలోనే ఎన్ని తప్పులు కలిశాయో చూడండి. రన్నింగ్ ప్రెషర్ ఉన్న రిసీవర్ నుంచి నేరుగా తీశారు. ఒకే వాల్వ్ ఉంది, అదీ చేతితో తిప్పితేనే మూసుకునేది. రెండో మనిషి మాస్క్‌తో సిద్ధంగా లేడు. సరైన పద్ధతిలో ఆయిల్ ముందు ఆయిల్ పాట్‌లోకి దిగుతుంది. రిసీవర్ నుంచి పాట్‌కి వచ్చే లైన్ కట్టేస్తారు. పాట్‌ని సక్షన్ లైన్‌కి కలిపి అందులోని అమ్మోనియా అంతా ఆవిరై పోయేదాకా ఆగుతారు. పాట్ మీద పట్టిన మంచు కరిగి, ముట్టుకుంటే గది వేడికి వస్తుంది, అప్పుడే కింద డ్రైన్ తెరుస్తారు. ఆ డ్రైన్‌కి స్టాప్ వాల్వ్ తర్వాత స్ప్రింగ్ ఉన్న క్విక్ క్లోజింగ్ వాల్వ్ ఒకటి ఉండాలి. చెయ్యి తీసేస్తే తనంతట మూసుకుంటుంది, మనిషి పడిపోయినా మూసుకుంటుంది. దాన్ని తాడుతో బిగించి తెరిచే ఉంచే అలవాటు కొన్ని ప్లాంట్లలో ఉంది. తాడు కనిపిస్తే అక్కడే కోసేయండి. ఆయిల్ రాకపోతే పొడవకూడదు, వాల్వ్ మూసి, సిస్టమ్ ఆపి, ఆ భాగం ఖాళీ చేసి విప్పి శుభ్రం చేయాలి. మీ ఆపరేటర్ ఎలా తీస్తున్నాడో రేపే దగ్గరుండి చూడండి. నేరుగా రిసీవర్ నుంచి తీస్తుంటే ఆయిల్ పాట్ పెట్టించేదాకా ఆ పని రన్నింగ్‌లో ఆపించండి.

ఇక లేబర్ సంగతి. మిషన్ రూమ్ పైన మనుషులు పడుకోవడం గురించి నేను మెత్తగా చెప్పలేను, ఆ గదులు ఖాళీ చేయించండి. మూసిన గదిలో వేడెక్కిన గ్యాస్ పైకే వెళ్తుంది, నిద్రలో ఉన్నవాడు లేచి చెప్పులు వెతుక్కునేలోపు ఊపిరి ఆడదు. ఖాళీ చేసేదాకా కనీసం రెండు పనులు చేయండి. మెట్లు మిషన్ రూమ్ తలుపు ముందుకి దిగుతుంటే వెనక గోడకి ఇంకో ఇనప మెట్లు వేయించండి. పైన గదుల్లో సైరన్ పెట్టించండి, కింద బటన్ నొక్కగానే అది మోగాలి.

ఎటు పంపాలి అన్నదానికి మీ ఊళ్లో ఒక్క జవాబు ఉండదు. పగలు సముద్రం నుంచి నేల మీదికి గాలి వీస్తుంది, రాత్రి చాలాసార్లు నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. పగలు గేట్ వైపు పంపడం సరైనదైతే, అదే గేట్ తెల్లవారుజామున గ్యాస్ వెళ్లే దారిలో ఉండొచ్చు. అందుకే కలుసుకునే చోట్లు రెండు పెట్టాలి, సముద్రం వైపు ఒకటి, రోడ్డు వైపు ఒకటి. కప్పు మీద విండ్ సాక్ కట్టి దాని మీద రాత్రి లైటు పడేలా చూడండి. సైరన్ మోగితే మొదట విండ్ సాక్ చూడాలి, గాలి ఎటు నుంచి వస్తోందో ఆ వైపు పోవాలి. తెల్లటి మబ్బు దారికి అడ్డంగా ఉంటే దాన్ని దాటుకుని పోవద్దు, గాలికి అడ్డంగా పక్కకి జరిగి, మబ్బు అంచు దాటాక గాలి వచ్చే వైపు తిరగాలి. కనీసం 100 మీటర్లు, రాత్రి అయితే 200 మీటర్లు దూరం పోనివ్వండి. రాత్రి గాలి మందంగా ఉంటుంది కాబట్టి గ్యాస్ చెదరకుండా నేల మీదే చాలాదూరం పోతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ గాలి ఈ రెండు చోట్ల వైపు రాకూడదని కూడా చూసుకోండి. ముఖానికి తడిగుడ్డ అడ్డం పెట్టుకోమనండి, నీళ్లు కొంత గ్యాస్‌ని పీల్చుకుంటాయి. అది బయటపడటానికి మాత్రమే, లోపలికి వెళ్లడానికి కాదు.

లెక్క పెట్టడం మర్చిపోవద్దు. పర్మనెంట్ వాళ్లు రిజిస్టర్‌లో ఉంటారు, కానీ ఐస్ కోసం వచ్చిన వ్యాన్ డ్రైవర్లు, రోజు కూలీలు, క్రషర్ దగ్గర పనివాళ్లు ఎక్కడా ఉండరు. గేట్ దగ్గర పలక మీద ఎంతమంది లోపల ఉన్నారో రాసే పద్ధతి పెట్టండి. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో ఈ బాధ ఇంకా ఎక్కువ. అంతస్తుల మీద అంతస్తులుగా బస్తాలు, మధ్యలో హమాలీలు, బయట మోగే సైరన్ లోపల వినపడదు, లోపల బ్లోయర్లు లీకైన గ్యాస్‌ని ఛాంబర్ అంతా తిప్పుతుంటాయి. అలాంటి చోట ఎమర్జెన్సీ బటన్‌తో బ్లోయర్లు కూడా ఆగాలి, ప్రతి ఛాంబర్ తలుపూ లోపలి నుంచి తోస్తే తెరుచుకోవాలి, లోపల బెల్, లైటు ఉండాలి. ఒకరు తక్కువ వచ్చారని తెలిసినా సొంత మనుషుల్ని లోపలికి పంపొద్దు. కేనిస్టర్ మాస్క్ 300 పీపీఎం దాటిన చోట పనికిరాదు. సిలిండర్ ఎయిర్ సెట్, ఒంటికి గ్యాస్ సూట్ ఉన్న ఇద్దరు కలిసి మాత్రమే వెళ్లాలి. మీ దగ్గర అవి లేకపోతే 101కి ఫోన్ చేసి ఫైర్ వాళ్లకి ఎన్ని కిలోల గ్యాస్, ఎక్కడ లీక్, ఎవరు తప్పిపోయారు అన్నది చెప్పండి. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి గేట్ దగ్గరే ఉంచితే ఆ కంగారులో వెతుక్కోనక్కర్లేదు.

నీళ్ల గురించి కూడా చెప్పాలి, అక్కడ చాలామంది పొరబడతారు. ఎగిరే తెల్ల మబ్బు మీద గాలి వచ్చే వైపు నుంచి నీళ్లు తుంపరలాగా కొడితే గ్యాస్ నీళ్లలో కరిగి తగ్గుతుంది. కానీ నేల మీద మడుగు కట్టిన లిక్విడ్ మీద నీళ్లు పోయొద్దు. నీళ్లు దానికంటే ఎంతో వేడి కాబట్టి మడుగు ఒక్కసారిగా మరిగి మబ్బు రెట్టింపవుతుంది.

మనిషి మీద పడితే మాత్రం నీళ్లే మందు. కళ్లలో పడితే రెప్పలు విప్పి పట్టి 15 నిమిషాలకి తక్కువ కాకుండా ధార పోయాలి, ఆ తర్వాతే ఆంబులెన్స్ ఎక్కించాలి. నిమ్మరసం, వెనిగర్ లాంటివి పొయ్యొద్దు. లిక్విడ్ పడి బట్ట చర్మానికి గడ్డకట్టి అంటుకుంటే లాగొద్దు, చర్మంతో సహా వచ్చేస్తుంది. ముందు నీళ్లతో తడిపి కరిగాక తీయాలి. కాబట్టి మిషన్ రూమ్ తలుపు బయటే షవర్, ఐ వాష్ పెట్టించండి, ఐస్ ప్లాంట్‌లో నీళ్లకి కరువు ఉండదు కదా. గ్యాస్ గట్టిగా పీల్చినవాడు అరగంటలో "బాగానే ఉందండి" అని లేచి కూర్చోవచ్చు. ఇంటికి పంపకండి. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి రాత్రికి మొదలవుతుంది. 108లో పంపి, అమ్మోనియా పీల్చాడని డాక్టర్‌కి చెప్పి, ఒక రోజంతా ఆసుపత్రిలో గమనించమని అడగండి.

అంతా సద్దుమణిగాక తిరిగి స్టార్ట్ చేయడానికి తొందరపడతారు, లోపల ఐస్ కరుగుతుంటుంది కాబట్టి. మీటర్ 25 పీపీఎం లోపు చూపించేదాకా మాస్క్ తీయొద్దు. లీకైన భాగం విప్పి చూడకుండా ఎవరి మాట మీదా బటన్ రీసెట్ చేయొద్దు. కరెంట్ పోయి వచ్చినప్పుడు కూడా అంతే. ముందు ఒకరు రూమ్ చుట్టూ తిరిగి వాసన, ప్రెషర్ గేజ్‌లు, ఆయిల్ లెవెల్ చూసి, తర్వాతే కంప్రెసర్ ఎక్కించాలి.

బ్రైన్ ఆవిరి పరీక్ష చేశాక లిట్మస్ రంగు మారిందో లేదో, గత ఆరు నెలల్లో ఎన్ని సిలిండర్ల గ్యాస్ ఎక్కించారో ఇక్కడ రాయండి. రిసీవర్, స్టార్టర్ ప్యానెల్, తలుపు, మెట్లు ఎక్కడున్నాయో చేత్తో ఒక ప్లాన్ గీసి పెట్టినా చాలు, బటన్లు ఎక్కడ పెట్టాలో, రెండో మెట్లు ఎటు దింపాలో గుర్తు పెట్టి ఇస్తాను.